నీరు తగ్గిన బిడ్డకు ఐబుప్రొఫెన్ ఎందుకు వద్దు?



పోయిన వానాకాలములో ఒక ఆదివారము, ఆరాధనకు ఇంకా గంట సమయము ఉండగా, హుస్నాబాద్ దగ్గరి ఒక పల్లె నుండి ఒక తల్లి తన పదకొండు నెలల కొడుకును భుజాన వేసుకొని మా ఇంటికి వచ్చింది. నర్సు ఉద్యోగము మాని చాలా ఏళ్ళయినా మమ్మల్ని చుట్టుపక్కల వాళ్ళు ఇప్పటికీ సిస్టరమ్మ అనే పిలుస్తారు.

"జరం తగ్గింది సిస్టరమ్మా, గని పిలగాడు లేస్తలేడు. పాలు సుత సక్కగ తాగుతలేడు" అన్నది.

మూడు రోజుల నుండి విరేచనములు, మధ్య మధ్యన వాంతులు, నూట రెండు డిగ్రీల జ్వరము. "మూత్రము ఎప్పుడు పోసిండమ్మా?" అని అడిగాము. ఆమె కాసేపు ఆలోచించింది. "నిన్న పొద్దుగూకినంక పోసిండు. రాత్రంత గుడ్డ తడువలే" అన్నది. ఏ మందు తాపినవని అడిగితే సంచిలో నుండి ఒక సీసా తీసి ఇచ్చింది. సీసా మీద ఐబుప్రొఫెన్ అని, ప్రతి 5 మిల్లీలీటర్లలో 100 మిల్లీగ్రాములు అని ఉంది. దాన్ని ఇంట్లో పెద్దపిల్ల జ్వరానికి తెచ్చారట. మెడికల్ షాపులో అడిగితే ఈ బిడ్డ బరువు ఎంతో కనుక్కొని, 4 మిల్లీలీటర్లు రోజుకు మూడు పూటలు తాపమన్నారట. అలాగే రెండు రోజులు తాపింది.

ఈ నెల శీర్షికలో ఆ సీసా గురించే రాయాలనుకున్నాము. ఎందుకంటే ఆ తల్లి కొలతలో తప్పేమీ చేయలేదు. లెక్క మీరే చూడండి. ఐబుప్రొఫెన్ ఒక్కో పూటకు బిడ్డ బరువులో కిలోకు 5 నుండి 10 మిల్లీగ్రాములు ఇస్తారు. ఈ బిడ్డ 8 కిలోలు. అంటే ఎక్కువలో ఎక్కువ 80 మిల్లీగ్రాములు. 4 మిల్లీలీటర్లలో సరిగ్గా అంతే ఉంటుంది. ఆరు నెలలు దాటిన బిడ్డకే ఇవ్వాలని చాలా సీసాల మీద రాసి ఉంటుంది, ఈ బిడ్డకు పదకొండు నెలలు నిండాయి. వయసు సరిపోయింది, కొలత సరిపోయింది. అయినా బిడ్డ మూత్రపిండములు పని ఆపేశాయి.

అది ఎలా జరుగుతుందో తెలుసుకోవాలంటే మన చెరువు తూమును తలచుకుంటే చాలు. చెరువు నిండా నీళ్ళున్నప్పుడు తూము కొంచెము తెరిచినా పొలానికి నీరు పారుతుంది, ఎవరూ కాపలా ఉండనక్కరలేదు. చెరువు అడుగంటినప్పుడు అలా కాదు. అప్పుడు నీరటి వచ్చి తూము పూర్తిగా తెరిచి పట్టుకుంటేనే ఆ కొద్ది నీరు మడికి చేరుతుంది.

మన శరీరములో గుండె తోసే రక్తములో దాదాపు అయిదో వంతు మూత్రపిండములకే పోతుంది. అక్కడ లక్షల కొద్దీ సన్నని జల్లెళ్ళు ఉన్నాయి. ఒక్కో జల్లెడకు రక్తము తెచ్చే నాళము ఒకటి, తీసుకుపోయే నాళము ఒకటి. రక్తము కొంత ఒత్తిడితో లోపలికి వస్తేనే వడపోత జరిగి మూత్రము తయారవుతుంది. విరేచనములతో, వాంతులతో ఒంట్లో నీరు పోయినప్పుడు శరీరము ప్రాణము కాపాడుకోవడానికి ఒక ఏర్పాటు చేసుకుంటుంది. గుండెకు, మెదడుకు రక్తము తగ్గకుండా మిగతా చోట్ల నాళములను బిగిస్తుంది. చేతులు కాళ్ళు చల్లబడటము అందువల్లనే. ఆ బిగింపు మూత్రపిండములకూ తగులుతుంది. అప్పుడు జల్లెడ ముందరి నాళము మూసుకుపోకుండా తెరిచి పట్టుకునేవి ప్రోస్టాగ్లాండిన్‌లు అనే పదార్థములు. మూత్రపిండములోనే అవి పుడతాయి. అవే ఆ తూము దగ్గరి నీరటి.

ఐబుప్రొఫెన్ చేసే పని ఈ ప్రోస్టాగ్లాండిన్‌లు తయారు కాకుండా ఆపడమే. జ్వరము తెచ్చేదీ, నొప్పి, వాపు పెంచేదీ కూడా ఆ జాతి పదార్థములే కాబట్టి, వాటిని ఆపితే జ్వరము దిగుతుంది, నొప్పి తగ్గుతుంది. కానీ మందుకు మెదడులోని ప్రోస్టాగ్లాండిన్ ఏదో, మూత్రపిండములోనిది ఏదో తేడా తెలియదు. జ్వరము దించడానికి తాపిన మందే నీరటిని కూడా ఇంటికి పంపేస్తుంది. చెరువు నిండుగా ఉన్న రోజున నీరటి లేకపోయినా నష్టము లేదు. బాగా తాగుతూ, మూత్రము పోస్తూ ఉన్న బిడ్డకు ఐబుప్రొఫెన్ సాధారణంగా ఏ హానీ చేయకపోవడానికి కారణము ఇదే. చెరువు ఎండిన రోజున మాత్రము తూము మూతపడుతుంది.

కొలత సరిగ్గా ఉన్నా ఇలా జరుగుతుందని మేము ఒక్క బిడ్డను చూసి చెప్పడము లేదు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రములో పిల్లల వైద్యులు 1999 నుండి 2010 వరకు తమ ఆసుపత్రిలో మూత్రపిండములు హఠాత్తుగా దెబ్బతిన్న పిల్లల కాగితములన్నీ తిరగవేసి 2013లో ప్రచురించారు. అందులో 27 మందికి కారణము ఐబుప్రొఫెన్, ఆ జాతి మందులే అని తేలింది. ఎంత మందు వేశారో తెలిసిన పిల్లల్లో నలుగురిలో ముగ్గురికి వేసింది సరైన కొలతే. ఆ 27 మందిలో అయిదేళ్ళ లోపు వాళ్ళు నలుగురే, కానీ ఆ నలుగురికీ డయాలసిస్ అవసరమయింది. పెద్దపిల్లలలో ఒక్కరికి కూడా అవసరము రాలేదు. చిన్న బిడ్డలకు ఎందుకు ఎక్కువ ప్రమాదమో ఆ ఒక్క సంగతి చెబుతుంది.

బిడ్డ ఒంట్లో నీటి పాలు ఎక్కువ, అది పోవడమూ త్వరగానే పోతుంది. అప్పుడే పుట్టిన బిడ్డ బరువులో ముప్పాతిక వంతు నీరే. మన పదకొండు నెలల బిడ్డ 8 కిలోలలో పదో వంతు నీరు పోగొట్టుకుంటే అది 800 మిల్లీలీటర్లు. పెద్దవాళ్ళకు ఇది నాలుగు గ్లాసుల లెక్క, బిడ్డకు ప్రాణము మీదికి వచ్చే లెక్క. ఒకటిన్నర రోజు విరేచనములు, వాంతులు అయితే అంత పోవడము కష్టమేమీ కాదు.

ఇక వయసు సంగతి. "మూడు నెలలని ఒక చోట, ఆరు నెలలని ఒక చోట రాస్తున్నారు, ఏది నమ్మాలి?" అని మమ్మల్ని అడిగినవాళ్ళు ఉన్నారు. బ్రిటన్‌లో సీసాల మీద మూడు నెలలు దాటి, 5 కిలోల బరువు ఉన్న బిడ్డకు ఇవ్వవచ్చని రాస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల ముఖ్య మందుల జాబితాలో మూడు నెలల లోపు వద్దని ఉంది. అమెరికాలో ఆరు నెలలు. మన దగ్గర పిల్లల డాక్టర్లు సాధారణంగా పాటించేదీ ఆరు నెలల హద్దే. ఆరు నెలలు నిండిన రాత్రి బిడ్డ మూత్రపిండములో గంట ఏదీ మోగదు. ఈ హద్దులు రెండు మూడు కారణములు కలిసి ఏర్పడినవి, అవి తెలిస్తే ఏ అంకెను ఎంత గౌరవించాలో మీకే తెలుస్తుంది.

మొదటిది బిడ్డ ఎదుగుదల. నెలలు నిండి పుట్టిన బిడ్డకు కూడా పుట్టిన రోజున మూత్రపిండముల వడపోత, శరీర పరిమాణమును లెక్కలోకి తీసుకున్నా, పెద్దవాళ్ళలో సుమారు అయిదో వంతే ఉంటుంది. రెండు వారాలలో అది రెండింతలు అవుతుంది. పెద్దవాళ్ళ స్థాయికి చేరడానికి ఒకటి నుండి రెండేళ్ళు పడుతుంది. పైగా పసిబిడ్డ మూత్రపిండముల నాళములు పుట్టుకతోనే బిగువుగా ఉంటాయి కాబట్టి వాటిని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్‌ల మీద మనకంటే ఎక్కువగా ఆధారపడతాయి. అంటే పసిబిడ్డ చెరువు నిండుగా ఉన్నప్పుడు కూడా నీరటి అవసరము ఉన్నవాడే. మందును కరిగించి బయటికి పంపవలసిన కాలేయము కూడా అప్పటికి లేతగానే ఉంటుంది. పెద్దవాళ్ళ రక్తములో ఐబుప్రొఫెన్ సుమారు రెండు గంటల్లో సగానికి తగ్గిపోతుంది. నెలలు తక్కువగా పుట్టిన బిడ్డలో మొదటి రోజుల్లో అదే సగానికి తగ్గడానికి ఒక రోజుకు పైగా పడుతుంది. ఆరు గంటలకు ఒకసారి అని మనకు రాసే మందు ఆ బిడ్డలో ఒకదాని మీద ఒకటి పేరుకుపోతుంది.

ఇక్కడ మీకు ఒక వింత చెప్పాలి. అంత చిన్న బిడ్డలకే డాక్టర్లు కావాలని ఐబుప్రొఫెన్ ఇచ్చే సందర్భము ఒకటి ఉంది. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ ఊపిరితిత్తులు పనిచేయవు కనుక గుండె దగ్గర రక్తము దారి మళ్ళించే చిన్న నాళము ఒకటి తెరిచి ఉంటుంది. పుట్టాక అది మూసుకోవాలి. నెలలు నిండక పుట్టిన బిడ్డలలో కొందరికి మూసుకోదు. దాన్ని తెరిచి ఉంచేది కూడా ప్రోస్టాగ్లాండిన్‌లే, కనుక ఐబుప్రొఫెన్ ఇస్తే మూసుకుంటుంది. ఈ పని కోసం సూదిమందుగా యూరప్‌లో 2004లో, అమెరికాలో 2006లో అనుమతి వచ్చింది. ఎలా ఇస్తారో చూడండి: మొదటి రోజు కిలోకు 10 మిల్లీగ్రాములు, తరువాత రెండు రోజులు అయిదేసి, ఒక్కోదానికి మధ్య ఇరవై నాలుగు గంటలు. అంతే, మూడు మోతాదులతో సరి. పైగా నర్సులు బిడ్డ మూత్రమును మిల్లీలీటర్ల చొప్పున కొలుస్తూ ఉంటారు. బరువులో కిలోకు గంటకు 0.6 మిల్లీలీటర్ల కన్నా తగ్గితే తరువాతి మోతాదు ఆపేస్తారు. ఒక కిలో బరువు బిడ్డకు అది రోజంతా కలిపి మూడు చెంచాల మూత్రము కన్నా తక్కువ. అంత కాపలా పెట్టి ఇచ్చే మందును ఇంట్లో పాలపీకతో పోయడము ఒకటి కాదు.

రెండవ కారణము సాక్ష్యము. ఒక మందు ఏ వయసు పిల్లల మీద పరీక్షించి చూశారో ఆ వయసుకే ధైర్యంగా రాస్తారు. ఐబుప్రొఫెన్‌ను ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో స్టీవర్ట్ ఆడమ్స్, జాన్ నికల్సన్ అనే శాస్త్రజ్ఞులు కీళ్ళనొప్పుల కోసం కనిపెట్టారు. 1969లో అక్కడ డాక్టర్ల చీటీ మీద అమ్మకానికి వచ్చింది. పెద్దల మందుగా పుట్టిన దాన్ని తరువాతి కాలములో పిల్లలకు మళ్ళించారు. పిల్లలకు ఎంతవరకు క్షేమమో తేల్చిన పెద్ద పరీక్ష బాస్టన్ విశ్వవిద్యాలయము వాళ్ళది, 1995లో ప్రచురించారు. జ్వరము వచ్చిన 84,192 మంది పిల్లలకు చీట్లు వేసినట్టు కొందరికి పారాసిటమాల్, కొందరికి ఐబుప్రొఫెన్ ఇచ్చి నాలుగు వారాలు కనిపెట్టి చూశారు. మూత్రపిండములు చెడి ఆసుపత్రిలో చేరినవారు ఒక్కరూ లేరు. ఐబుప్రొఫెన్ మీద ఉన్న భయము చాలా వరకు తీరింది ఆ లెక్కతోనే.

కానీ ఆ పరీక్షలో చేర్చుకున్న పిల్లల వయసు ఆరు నెలల నుండి పన్నెండేళ్ళు. ఆరు నెలల లోపు బిడ్డ ఒక్కరూ అందులో లేరు. అంటే ఆరు నెలల లోపు బిడ్డకు హాని అని అక్కడ రుజువు కాలేదు, క్షేమమని కూడా రుజువు కాలేదు. రెండూ తెలియని చోట ఒక దేశము ఆరు దగ్గర గీత గీసింది, మరొక దేశము మూడు నెలల బిడ్డల మూత్రపిండముల ఎదుగుదల, తక్కువ మోతాదు, 5 కిలోల బరువు చూసుకొని ఆ గీతను కొంచెము కిందికి జరిపింది. ఇంకో సంగతి కూడా గమనించాలి. ఆ 84 వేల మంది క్లినిక్కులో డాక్టరు చూసి, ఇంటి దగ్గర సిరప్ తాగగలరని పంపిన పిల్లలు. మూడు రోజుల విరేచనములతో కళ్ళు గుంటలు పడిన బిడ్డకు ఆ పరీక్ష ధైర్యము ఇవ్వలేదు.

బ్రిటన్ వాళ్ళ 5 కిలోల మాట మన పల్లెలలో మరీ అవసరము. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ మూడున్నర నెలలకు 4 కిలోలే ఉండవచ్చు. నెల తక్కువగా పుట్టినవాళ్ళ సంగతి చెప్పనే అక్కరలేదు. వయసు సరిపోయినా బరువు సరిపోదు.

మూడవ కారణము మందు గురించి కాదు, జ్వరము గురించి. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరము వస్తే అది ఇంట్లో దించుకునే జ్వరము కాదు. ఆ వయసులో రక్తములో, మెదడు పొరల్లో, మూత్రములో చేరిన సూక్ష్మక్రిమి మొదట చూపే గుర్తు ఒక్కోసారి జ్వరము మాత్రమే. మన ప్రభుత్వ శిక్షణలో ఏ.ఎన్.ఎం.లకు, అంగన్‌వాడీ వాళ్ళకు నేర్పేది ఇదే: రెండు నెలల లోపు బిడ్డకు చంకలో థర్మామీటరు 37.5 సెంటీగ్రేడు, అంటే 99.5 డిగ్రీలు చూపినా ఆసుపత్రికి పంపాలి. మందు పోసి జ్వరము దించితే ఆ ఒక్క గుర్తు కూడా పోయి ఒక పూట, రెండు పూటలు ఆలస్యమవుతుంది. కనుక ఆ వయసులో ఐబుప్రొఫెన్ మాత్రమే కాదు, డాక్టరు చెప్పకుండా పారాసిటమాల్ కూడా వేయకూడదు. పాలు ఇస్తూ, ఒంటికి ఆనించుకొని, బయలుదేరండి.

మళ్ళీ మన బిడ్డ దగ్గరికి వస్తాము. మేము పొట్ట మీద చర్మమును రెండు వేళ్ళతో పట్టి వదిలితే ముడత మెల్లగా దిగింది. కళ్ళు లోపలికి పోయాయి. ఏడుస్తున్నాడు గాని కన్నీరు లేదు. నడినెత్తి మీద మాడు గుంటపడి ఉంది. ఈ గుర్తుల్లో ఏ ఒక్కటి కనబడినా ఐబుప్రొఫెన్ సీసా ముట్టవద్దు. వీటికన్నా ముందుగా కనబడేది, తల్లికి మాత్రమే తెలిసేది ఒకటి ఉంది, అది మూత్రము. ఆరు గంటలు గుడ్డ తడవలేదంటే లోపల నీరు తగ్గిందనే అనుకోవాలి. నీళ్ళ విరేచనములతో కలిసి పోయి తెలియకపోవచ్చు, అప్పుడు గుడ్డలో పసుపు మరక, వాసన చూడాలి. ఈ ఇబ్బంది వల్లనే చాలామంది తల్లులు "పోస్తనే ఉన్నడు" అంటారు.

బిడ్డను వెంటనే 108లో పెద్దాసుపత్రికి తీసుకుపోయాము, దారిలో చెంచాతో ఓ.ఆర్.ఎస్. తాపుతూనే ఉన్నాము. అక్కడ రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.8 అని వచ్చింది. క్రియాటినిన్ అంటే మూత్రపిండములు బయటికి పంపవలసిన వ్యర్థము, అవి పనిచేయనప్పుడు రక్తములో పేరుకుంటుంది. ల్యాబ్ కాగితము మీద పక్కన 0.6 నుండి 1.2 వరకు మామూలే అని అచ్చు వేసి ఉంటుంది. అది పెద్దవాళ్ళ లెక్క. కండ తక్కువ కనుక ఏడాది బిడ్డకు ఉండవలసింది 0.2 నుండి 0.4. అంటే ఏడాది బిడ్డకు 1.0 అని వస్తే, కాగితము మీద మామూలే అని ఉన్నా, అది మూడు రెట్లు ఎక్కువ. ఇది తల్లిదండ్రులు మరచిపోకూడని మాట.

సెలైన్ ఎక్కించారు. ఐబుప్రొఫెన్ ఆపేశారు. ఆ రోజంతా చుక్క మూత్రము లేదు. రాత్రి పదకొండు గంటలకు గుడ్డ తడిసిందని బిడ్డ నాయనమ్మ వార్డులో అందరినీ లేపింది. మూడవ రోజుకు క్రియాటినిన్ 0.9కి, అయిదవ రోజుకు 0.5కి దిగింది. మందు ఆపి నీరు ఇస్తే నీరటి తిరిగి వస్తాడు, ఎక్కువ మంది బిడ్డలు ఇలాగే కోలుకుంటారు. ఆలస్యమయితే మాత్రము జల్లెడల గోడలే దెబ్బతింటాయి, అప్పుడు నీరు ఎక్కించినా మూత్రము వెంటనే రాదు.

మరి అటువంటి బిడ్డకు జ్వరము ఎలా దించాలి? ముందు నీరు. నీరు తగ్గడము వల్లనే కొంత వేడి పెరుగుతుంది, అది నీటితోనే దిగుతుంది. కళ్ళు గుంటపడినా మెలకువగా, ఆత్రంగా తాగుతున్న బిడ్డకు కిలోకు 75 మిల్లీలీటర్ల చొప్పున ఓ.ఆర్.ఎస్. నాలుగు గంటల్లో చెంచా చెంచాగా తాపాలి. 8 కిలోలకు అది 600 మిల్లీలీటర్లు. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ మెల్లగా మొదలు పెట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. మత్తుగా ఉండి తాగలేని బిడ్డను ఇంట్లో ఉంచనే కూడదు. తరువాత పారాసిటమాల్, ఒక్క పూటకు కిలోకు 15 మిల్లీగ్రాములు. 8 కిలోల బిడ్డకు 120 మిల్లీగ్రాములు, అంటే 5 మిల్లీలీటర్లలో 120 ఉన్న సిరప్ అయితే 5 మిల్లీలీటర్లు. కనీసము నాలుగు నుండి ఆరు గంటల వ్యవధి, రోజుకు నాలుగు సార్లకు మించకూడదు. పారాసిటమాల్ ఈ కొలతలో మూత్రపిండముల తూమును మూయదు. కొలత దాటితే కాలేయమును చెడగొడుతుంది కనుక దానితోనూ ఆటలాడరాదు. ఇదే పేరుతో 5 మిల్లీలీటర్లలో 250 ఉన్న సిరప్ కూడా దొరుకుతుంది, చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరుకే 100 ఉంటుంది. సీసా మారితే కొలత మారుతుంది.

ఓ.ఆర్.ఎస్. కొనేటప్పుడు కూడా చూసి కొనండి. తియ్యని డబ్బా పానీయములు ఓ.ఆర్.ఎస్. పేరు తగిలించుకొని ఏళ్ళ తరబడి అమ్ముడుపోయాయి. చక్కెర ఎక్కువ కనుక అవి విరేచనములను పెంచుతాయి. వాటి మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ చాలా కాలము పోరాడారు. 2025 అక్టోబరులో జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ ఆ పానీయములు పేరులో ఓ.ఆర్.ఎస్. అని వాడరాదని ఆదేశించింది. ఆశ కార్యకర్త దగ్గర ఉచితంగా దొరికే పొడి ప్యాకెట్టే అసలు మందు, దాన్ని లీటరు నీళ్ళలో మొత్తము కలపాలి.

సీసాల గురించి ఇంకొకటి చెప్పాలి, ఎందుకంటే మాకు ఎక్కువగా కనిపించేది ఇదే. పిల్లల సిరప్‌లలో ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ రెండూ కలిపినవి చాలా ఉన్నాయి. పెట్టె మీద పెద్ద అక్షరాలలో కంపెనీ పెట్టిన పేరు ఒక్కటే కనబడుతుంది, లోపల ఏముందో కింద చిన్న అక్షరాలలో ఉంటుంది. "మేము పారాసిటమాలే వేసినమమ్మా" అని ఒట్టు వేసి చెప్పే తల్లుల చేతిలో అటువంటి సీసాలు చూశాము. పైగా అది తాపి, జ్వరము తగ్గలేదని వేరే పారాసిటమాల్ కూడా తాపితే కొలత రెండింతలు. చదువు రానివాళ్ళు షాపులో ఒక్క ప్రశ్న అడిగితే చాలు: "ఇందులో ఐబుప్రొఫెన్ ఉన్నదా?"

వానాకాలములో డెంగీ జ్వరముల రోజుల్లో ఈ ప్రశ్న ఇంకా ముఖ్యము. డెంగీలో రక్తములోని నీరు నాళముల నుండి బయటికి ఊరిపోతుంది, విరేచనములు లేకుండానే చెరువు ఎండుతుంది. రక్తము గడ్డకట్టే కణములు కూడా తగ్గుతాయి. ఐబుప్రొఫెన్ ఆ రెండింటినీ మరింత చెడగొడుతుంది. జ్వరము ఏదో తేలేవరకు పారాసిటమాల్‌తోనే ఉండాలి.

అయితే ఈ మందును ఎప్పుడూ వాడకూడదా అంటే అలా కాదు. ఆరు నెలలు దాటి, బాగా తాగుతూ తింటూ, మామూలుగా మూత్రము పోస్తూ, చెవిపోటుతోనో చిగుళ్ళ వాపుతోనో ఏడుస్తున్న బిడ్డకు డాక్టరు రాస్తే నిర్భయంగా వేయండి, ఆరు నుండి ఎనిమిది గంటల వ్యవధితో. మధ్యలో వాంతులు, విరేచనములు మొదలయితే ఆ పూటనే ఆపండి. అవి తగ్గి, బిడ్డ ఎప్పటిలా తాగి ఎప్పటిలా గుడ్డ తడిపేవరకు మళ్ళీ మొదలు పెట్టవద్దు.

ఆ బిడ్డను రెండు వారాల తరువాత మళ్ళీ పరీక్షకు తీసుకుపోయారు. క్రియాటినిన్ 0.3. ఏడాది వరకు మధ్య మధ్యన రక్తపోటు, మూత్రములో ప్రొటీన్ చూపించుకోమని డాక్టరు చీటీ రాశారు. ఆ చీటీని తల్లి బియ్యము డబ్బాలో పెట్టుకుంది. వచ్చే నెల పరీక్షకు మేము కూడా వెంట పోతున్నాము.